రెండు గదులకు మెటీరియల్ లెక్క అడుగుతూ కాంట్రాక్టరుకు ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో కె.ఆర్.పురం వైపు మాకో చిన్న ఇల్లు ఉంది. పిల్లలు పెద్దవాళ్లవుతున్నారని మేడ మీద రెండు గదులు వేసుకున్నాం. పని మొదలుపెట్టే ముందు మేస్త్రీ గారికి ఒక ఉత్తరం రాసి, ఏ సామాను ఎంత పడుతుందో విడివిడిగా లెక్క ఇమ్మని అడిగాను. ఆ సంగతి తెలిసిన బంధువులు, వీధిలోని తెలుగువాళ్లు అప్పటి నుంచి అడుగుతున్న ప్రశ్నలే ఇవి. కరెంటు, ప్లంబింగ్ లెక్క వేరు. ఇక్కడ గోడలు, కాంక్రీటు, ఇనుము, ప్లాస్టరింగ్ వరకే చెబుతున్నాను.

చదరపు అడుగుకు ఇంత అని రేటు మాట్లాడుకున్నాక, మళ్లీ మెటీరియల్ లెక్క ఎందుకు?

మీ ఒప్పందం ఏ రకమో ముందు చూసుకోవాలి. మాది "మెటీరియల్ మీది, కూలి నాది" అనే పద్ధతి. మేస్త్రీ చదరపు అడుగుకు కూలి తీసుకుంటాడు. సిమెంటు, రాడ్లు, బ్లాకులు, రాయిని పిండి చేసి తీసే ఎమ్ శాండ్ ఇసుక, ఇక్కడ జల్లి అనే కంకర అన్నీ ఆయన చెప్పినప్పుడల్లా నేను కొనివ్వాలి. ఇందులో ఆయన నోటితో చెప్పే ప్రతి అంకె నా జేబులోంచే పోతుంది. ఎక్కువ చెబితే సామాను మేడ మీద మిగిలిపోతుంది. తక్కువ చెబితే పని మధ్యలో ఆగి, ఆ రోజు ఎంత రేటు ఉంటే అంతకు కొనాల్సి వస్తుంది, పైగా చిన్న లోడుకు కూడా పూర్తి బండి బాడుగ పడుతుంది.

సామానుతో కలిపి ఒకే రేటుకు ఇచ్చిన ఒప్పందంలో చిక్కు వేరేగా ఉంటుంది. అక్కడ ఎక్కువ రాసినా మీకు నేరుగా నష్టం లేదు, కానీ రాయకుండా వదిలేసినది నష్టం. "పిట్టగోడ ఇందులో లేదు సార్, అది ఎక్స్‌ట్రా" అనే మాట వచ్చేది అక్కడే. లెక్క చేతిలో ఉంటే ఏది ఒప్పందంలో ఉంది, ఏది లేదు అన్నది అడ్వాన్సు ఇవ్వకముందే తేలిపోతుంది.

ఉత్తరం ఎప్పుడు రాయాలి?

స్ట్రక్చరల్ ఇంజనీరు డ్రాయింగ్ చేతికి వచ్చాక, అడ్వాన్సు ఇవ్వకముందు. డ్రాయింగ్ లేకుండా ఇనుము లెక్క అడిగితే ఆయనైనా ఏం చెప్తాడు, అలవాటుగా ఒక అంకె చెప్తాడు.

మా ఇంటికి కింది అంతస్తు కట్టినప్పుడే ఆరు కాలమ్స్ నుంచి రాడ్లు పైకి వదిలి పెట్టారు. ఇంజనీరు వచ్చి అవి ఎంత పొడవు ఉన్నాయి, ఎంత తుప్పు పట్టాయి, కొత్త గోడలు కింది బీముల మీదే వస్తున్నాయా అని చూశాడు. కింది ఇల్లు ఇంకో అంతస్తు బరువు మోస్తుందో లేదో తేల్చేది ఆయనే, మేస్త్రీ కాదు. ఆ పని పూర్తయ్యాకే ఉత్తరం రాశాను.

ఉత్తరంలో ఏం రాశారు? అలాగే పంపొచ్చా?

పంపొచ్చు, కొలతలు మాత్రం మీవి వేసుకోండి. నేను రాసింది ఇది:

> మేస్త్రీ గారికి నమస్కారం.
>
> విషయం: మేడ మీద రెండు గదుల పనికి మెటీరియల్ లెక్క గురించి.
>
> మొన్న ఆదివారం మనం మాట్లాడుకున్న పనికి ఇంజనీరు డ్రాయింగ్ వచ్చింది. దాని కాపీ ఈ ఉత్తరంతో పంపుతున్నాను. గదులు ఒక్కొక్కటి లోపల 12 అడుగులు, 10 అడుగులు. బయటి గోడలు 6 అంగుళాల సాలిడ్ బ్లాకు, మధ్య గోడ 4 అంగుళాల బ్లాకు. స్లాబు మందం 5 అంగుళాలు.
>
> పని మొదలుపెట్టే ముందు ఏ సామాను ఎంత కావాలో మీరు విడివిడిగా రాసి ఇవ్వాలని కోరుతున్నాను. మొత్తం ఒకే అంకెగా కాకుండా, పనిని బట్టి రాయండి: కాలమ్స్‌కు ఎంత, బీములు, స్లాబుకు ఎంత, గోడలకు ఎంత, లింటెల్, సజ్జాలకు ఎంత, ప్లాస్టరింగ్‌కు ఎంత, పిట్టగోడకు ఎంత అని. ప్రతిదానికీ మీరు తీసుకున్న పొడవు, వెడల్పు, ఎత్తు పక్కనే రాస్తే నాకు అర్థమవుతుంది.
>
> రాడ్లు మాత్రం టన్నుల్లో కాకుండా 8, 10, 12, 16 ఎమ్‌ఎమ్ విడివిడిగా, ఎన్ని రాడ్లు, ఎన్ని కేజీలు అని రాయండి. ఎమ్ శాండ్, జల్లి లోడ్లలో కాకుండా ఘనపుటడుగుల్లో రాయండి. కాంక్రీటు, మాలు ఏ పాళ్లలో కలుపుతారో కూడా రాయండి. విరిగేవి, కోతలో పోయేవి ఎంత శాతం కలిపారో వేరుగా చూపించండి.
>
> మీరిచ్చిన లెక్క కంటే 5 శాతం అటూ ఇటూ అయితే నేను అడగను. అంతకు మించి కావాలంటే కొనే ముందు కారణం చెప్పి, వాట్సాప్‌లో ఒక మాట రాయండి. పని అయ్యాక మిగిలిన సామాను నాది. డ్రాయింగ్ మార్చమని నేనే అడిగితే, ఆ మార్పుకు అయ్యే అదనపు సామాను బాధ్యత నాదే, మీ లెక్కకు సంబంధం లేదు.
>
> మీకు పది రోజులు టైమ్ చాలునా? ఈ లెక్క చూసుకున్నాక అడ్వాన్సు, పని మొదలుపెట్టే రోజు మాట్లాడుకుందాం. ఏదైనా అర్థం కాకపోతే సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయండి.
>
> ఇట్లు,
> ఇంటి యజమాని

ఇందులో బాగా పని చేసినవి రెండు వాక్యాలు. ఒకటి "మీరు తీసుకున్న పొడవు, వెడల్పు, ఎత్తు పక్కనే రాయండి" అన్నది. రెండోది 5 శాతం మాట. మొదటిది లేకపోతే వచ్చిన అంకె ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. రెండోది లేకపోతే పది బ్లాకులు విరిగినా గొడవే.

ఇలా అడిగితే మేస్త్రీ నొచ్చుకోడా?

కొంచెం నొచ్చుకున్నాడు. ఆయనది హిందూపురం వైపు, ఇరవై ఏళ్లుగా ఇక్కడే పని. ఫోన్ చేసి "ఏంది సార్, నా మీద నమ్మకం లేదా?" అన్నాడు. "నమ్మకం లేకపోతే మీకు పనే ఇవ్వను గదన్నా, నేను బ్యాంకులో ఎంత తీయాలో నాకు తెలియాలి, అందుకే" అన్నాను. అది నిజం కూడా. ఏ వారం ఎంత డబ్బు కావాలో తెలియకుండా ఎవరు ఇల్లు మొదలుపెడతారు? కారణం డబ్బు సర్దుకోవడం అని చెప్పండి, అనుమానం అని కాదు. ఆ తర్వాత ఆయన కొడుకు చేత రాయించి పంపాడు.

లెక్క వచ్చాక ఎలా చూసుకున్నారు? బ్లాకుల సంగతి వివరంగా చెబుతారా?

వచ్చిన కాగితంలో "6 అంగుళాల బ్లాకులు 750" అని ఉంది. పక్కన "67 × 10" అని రాసి ఉంది. అదే నాకు దారి చూపింది.

మా రెండు గదులు పక్కపక్కన ఉన్నాయి. బయటి గోడలు, మధ్య గోడ కలుపుకుంటే మొత్తం పొడవు 21 అడుగుల 4 అంగుళాలు, వెడల్పు 13 అడుగులు. పొడవు గోడలు రెండూ పూర్తిగా, వెడల్పు గోడలు రెండూ లోపలి 12 అడుగులు చొప్పున తీసుకుంటే దాదాపు 67 అడుగులు. ఇలా తీసుకోవాలి, లేదంటే మూలల్ని రెండుసార్లు లెక్కపెట్టినట్టవుతుంది. ఇందులో మేస్త్రీ తప్పేమీ లేదు.

ఆయన వదిలేసింది వేరే. ఆరు కాలమ్స్ ఆ గోడలోనే ఉన్నాయి, ఒక్కోటి దాదాపు అడుగు. అవి తీసేస్తే గోడ పొడవు 61 అడుగులే. ఎత్తు 10 అడుగులు స్లాబు కింది వరకు, కానీ బ్లాకులు బీము కిందే ఆగిపోతాయి, అంటే 9 అడుగులే. 61ని 9తో గుణిస్తే 549 చదరపు అడుగులు. రెండు తలుపులు 3 × 7 చొప్పున 42, మూడు కిటికీలు 4 × 4 చొప్పున 48, కలిపి 90 పోతుంది. గోడ చుట్టూ తిరిగే అరడుగు లింటెల్ పట్టీ కాంక్రీటుది కాబట్టి ఇంకో 30 పోతుంది. మిగిలింది 429 చదరపు అడుగులు.

బెంగళూరులో దొరికే సాలిడ్ బ్లాకు ముఖం 16 అంగుళాలు, 8 అంగుళాలు ఉంటుంది. మాలు జాయింటుతో కలిపి 100 చదరపు అడుగుల గోడకు సుమారు 108 బ్లాకులు పడతాయి. 429కి 463. విరిగేవి 5 శాతం కలిపితే 486. ఆయన రాసింది 750.

దీన్ని చూసి మా ఆవిడ "అంటే మోసమేనా?" అంది. నాకు అలా అనిపించలేదు. తలుపులు, కిటికీలు తీసేయకుండా, గోడ పొడవును పై వరకు ఎత్తుతో గుణించి, జాయింటు వదిలేసి 112 చొప్పున వేస్తే సరిగ్గా 750 దగ్గరకు వస్తుంది. చాలా మంది మేస్త్రీలు ఇలాగే వేస్తారు, సామాను తక్కువై పని ఆగితే తిట్లు తినేది వాళ్లే కాబట్టి.

తమాషా ఏమిటంటే అదే కాగితంలో పిట్టగోడ లేనే లేదు. కొత్త స్లాబు చుట్టూ 68 అడుగులు, 3 అడుగుల ఎత్తు, 4 అంగుళాల బ్లాకుతో కడితే 204 చదరపు అడుగులు. దానికి 230 బ్లాకులు కావాలి. ఒక చోట 260 ఎక్కువ, ఇంకో చోట 230 తక్కువ! ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వి "పిట్టగోడ మరిచిపోయినా సార్" అన్నాడు. మొత్తం అంకె మాత్రమే చూసి ఉంటే నాకు ఈ రెండూ తెలిసేవి కావు.

ఇనుము లెక్కను మామూలు మనిషి ఎలా సరిచూసుకోవాలి?

మొదట వచ్చిన కాగితంలో ఇనుము మాత్రం ఒక్క లైనే: "స్టీలు, 1 టన్ను." ఉత్తరంలో విడివిడిగా అడిగినా ఇది వచ్చింది. చదరపు అడుగుకు మూడున్నర, నాలుగు కేజీలు అని మేస్త్రీలకు ఒక నోటి లెక్క ఉంది. మా స్లాబు 277 చదరపు అడుగులు, 3.6 చొప్పున వేస్తే టన్నే అవుతుంది. కానీ ఆ నోటి లెక్క పునాది నుంచి కట్టే పూర్తి ఇంటికి. మేడ మీద గదులకు పునాది ఎక్కడుంది? ఫుటింగ్ రాడ్లు, ప్లింత్ బీము రాడ్లు ఇక్కడ లేవు.

కాబట్టి ఇనుము విషయంలో మేస్త్రీ నోటి లెక్క వదిలేసి, ఇంజనీరు డ్రాయింగ్ నుంచి రాడ్ల పట్టిక తీయించాలి. దీన్నే బార్ బెండింగ్ షెడ్యూల్ అంటారు. ఏ కాలమ్‌లో ఎన్ని రాడ్లు, ఎంత పొడవు, ఎక్కడ వంచాలి, రింగులు ఎన్ని అని అందులో ఉంటుంది. మా ఇంజనీరు దానికి కొద్దిగా ఫీజు తీసుకున్నాడు. అందులో తేలింది ఇది: 8 ఎమ్‌ఎమ్ 73 రాడ్లు, 10 ఎమ్‌ఎమ్ 8, 12 ఎమ్‌ఎమ్ 15, 16 ఎమ్‌ఎమ్ 8.

దీన్ని మీరే కేజీల్లోకి మార్చుకోవచ్చు. రాడ్డు మందాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని, దాన్ని దానితోనే గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కేజీలో వస్తుంది. 16 ఎమ్‌ఎమ్‌కు 256ను 162తో భాగిస్తే 1.58 కేజీలు. షాపులో రాడ్డు పొడవు మామూలుగా 12 మీటర్లు. అంటే 16 ఎమ్‌ఎమ్ రాడ్డు ఒక్కోటి 19 కేజీల దగ్గర ఉంటుంది. అదే లెక్కన 12 ఎమ్‌ఎమ్ రాడ్డు 10.7, 10 ఎమ్‌ఎమ్ 7.4, 8 ఎమ్‌ఎమ్ 4.7 కేజీలు. మొత్తం కలిపితే 717 కేజీలు వచ్చాయి. కోతలో పోయేది కలిపి 740 అనుకున్నాం. టన్ను కొని ఉంటే 260 కేజీల ఇనుము మేడ మీద తుప్పు పట్టేది.

పట్టికలో ఇంకో చిన్న సంగతి కూడా చూడండి. కాలమ్‌కు నాలుగు చొప్పున ఆరు కాలమ్స్‌కు 24 ముక్కలు. ఒక్కో ముక్క పొడవు 3.85 మీటర్లు, అందులో 80 సెంటీమీటర్లు కింది రాడ్డుతో అతుకు కోసం. 12 మీటర్ల రాడ్డులో సరిగ్గా మూడు ముక్కలు వస్తాయి, చిన్న తుంట మాత్రమే పోతుంది. అందుకే 8 రాడ్లు చాలాయి. ముక్క 4.1 మీటర్లు అయి ఉంటే ఒక రాడ్డులో రెండే వచ్చేవి, 12 రాడ్లు కొనాల్సి వచ్చేది. అందుకే కోత ఎలా చేస్తారో రాయమని అడగడం దండగ కాదు.

రాడ్లు దిగే రోజు రెండు పనులు చేయండి. ఎన్ని వచ్చాయో లెక్కపెట్టండి, తూకం స్లిప్పు చూడండి. లెక్క ప్రకారం రావాల్సిన కేజీలకూ స్లిప్పుకూ కొద్దిగా తేడా ఉండొచ్చు, అది రాడ్డు తయారీలో వచ్చేదే. కానీ మరీ ఎక్కువ తేడా ఉంటే బండి దింపనివ్వకుండా షాపుకు ఫోన్ చేయండి.

సిమెంటు ఎంత పడుతుందో ముందే ఎలా తెలుస్తుంది?

నేను మొత్తం సిమెంటు లెక్క జోలికి పోలేదు. స్లాబు వేసే రోజును మాత్రం గట్టిగా పట్టుకున్నాను. ఇక్కడి వాళ్లు దాన్ని "మోల్డ్" అంటారు. ఆ ఒక్క రోజు లెక్క సరిగ్గా ఉంటే మిగతావి అంత బాధపెట్టవు.

స్లాబు 277 చదరపు అడుగులు, 5 అంగుళాల మందం. అంటే 115 ఘనపుటడుగులు, 3.27 ఘనపు మీటర్లు. అదే రోజు బీములు కూడా పోస్తారు, స్లాబు కింద వేలాడే భాగం మరో 1.45. కలిపి 4.7 ఘనపు మీటర్లు. డ్రాయింగ్‌లో కాంక్రీటు బలం ఎమ్20 రకం అని ఉంది. చేత్తో కలిపే పద్ధతిలో దానికి ఒక పాలు సిమెంటు, ఒకటిన్నర పాళ్లు ఇసుక, మూడు పాళ్లు జల్లి. ఆ పాళ్లలో ఘనపు మీటరుకు దాదాపు 8 బస్తాల సిమెంటు, 15 ఘనపుటడుగుల ఇసుక, 30 ఘనపుటడుగుల జల్లి పడతాయి. కాబట్టి మాకు 38 బస్తాలు, 70 ఘనపుటడుగుల ఎమ్ శాండ్, 140 ఘనపుటడుగుల జల్లి.

ఆ రోజు సాయంత్రం ఖాళీ సంచులు లెక్కపెట్టండి. 38 దగ్గర ఉంటే బాగానే ఉంది. 30 ఉంటే పాళ్లలో సిమెంటు తగ్గించారు, లేదా స్లాబు మందం తగ్గింది. 45 దాటితే ఎక్కడో ఎక్కువ పోసి ఉంటారు, లేదా సంచులు వేరే పనికి పోయాయి. మాకు 39 వచ్చాయి. సంచులు పారేయకుండా ఒక మూల పేర్చమని కూలీలకు ముందే చెప్పాను. వాళ్లు ఎందుకని అడగలేదు కానీ మేస్త్రీకి అర్థమైందని మాత్రం ముఖం చూస్తే తెలిసింది.

పాళ్లు తట్టల్లో కొలుస్తారు. తట్ట నిండుగా పోస్తే ఒక రకం, కుప్పగా పోస్తే ఇంకో రకం. బస్తా సిమెంటు పరిమాణం 1.25 ఘనపుటడుగులు, కాబట్టి అంత పట్టే చెక్క పెట్టె ఒకటి చేయించుకుంటే ఇసుక ఒకటిన్నర పెట్టెలు, జల్లి మూడు పెట్టెలు అని తేలికగా లెక్కపెట్టొచ్చు. మేము అది చేయలేదు, చేసి ఉంటే బాగుండేది.

ఇసుక, జల్లి లోడ్లలో ఎందుకు ఒప్పుకోకూడదు?

లోడు అంటే ఎంత అని ఎవరూ చెప్పలేరు కాబట్టి. మా వీధిలోకి వచ్చిన టిప్పర్ డ్రైవర్ "150 అడుగులు సార్" అన్నాడు, అంటే ఘనపుటడుగులు. టేపు పట్టుకుని ఎక్కి కొలిచాను. లోపల పొడవు 10 అడుగులు, వెడల్పు ఆరున్నర, ఇసుక ఎత్తు 2 అడుగులు. 130 అడుగులే. 150 కావాలంటే ఇసుక 2 అడుగుల 4 అంగుళాల దాకా ఉండాలి. మధ్యలో గుట్టలా కనిపించినా అంచుల దగ్గర తక్కువే ఉంటుంది, కాబట్టి నాలుగు మూలలా చూసి సగటు తీయండి. ఆయన 130కే బిల్లు మార్చి ఇచ్చాడు, పెద్దగా వాదించలేదు.

తడి ఇసుక గురించి ఒక మాట. కొద్దిగా తడిసిన సన్న ఇసుక ఉబ్బి ఎక్కువ జాగా ఆక్రమిస్తుంది, కొన్నిసార్లు పావు వంతు దాకా. అందుకే అడుగుల్లో కొనేటప్పుడు తడి ఇసుక నష్టం. టన్నుల్లో కొన్నా నష్టమే, నీళ్ల బరువుకు కూడా డబ్బిస్తారు. వానాకాలంలో రెండూ తప్పవు, లెక్కలో ఆ మేరకు వదులుకోవాలి.

ప్లాస్టరింగ్‌కు తలుపులు, కిటికీల ఖాళీ తీసేయాలా?

దీని మీద గొడవలు ఎక్కువ, నియమం మాత్రం స్పష్టంగానే ఉంది. కొలతల భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 ప్రకారం అర చదరపు మీటరు కంటే చిన్న ఖాళీకి ఏమీ తీసేయరు. అర నుంచి మూడు చదరపు మీటర్ల మధ్య ఉంటే ఒక వైపు మాత్రమే తీసేస్తారు. ఇంకో వైపుది వదిలేయడం దేనికంటే, ఆ ఖాళీ పక్కల, పైన మందం మీద కూడా ప్లాస్టరు చేయాలి కదా, దానికి బదులు. మూడు చదరపు మీటర్లు దాటితే రెండు వైపులా తీసేసి, పక్కల ప్లాస్టరు వేరుగా కలుపుతారు. మా తలుపు 21 చదరపు అడుగులు, అంటే దాదాపు రెండు చదరపు మీటర్లు, కిటికీ 16 అడుగులు, ఒకటిన్నర. రెండింటికీ ఒక వైపే తీసేశాం. మేస్త్రీ కూడా అదే అన్నాడు, ఆయనకు ప్రమాణం పేరు తెలియకపోయినా.

వేస్టేజీ ఎంత శాతం ఒప్పుకోవాలి?

బ్లాకులకు, ఇసుకకు 5, ఇనుముకు 3, సిమెంటుకు 2 అని మేం మాట్లాడుకున్నాం. బ్లాకులు బండి నుంచి దింపేటప్పుడే ఎక్కువ విరుగుతాయి, మేడ మీదికి మోసుకెళ్లేటప్పుడు ఇంకొన్ని. మెట్లు ఇరుకుగా ఉంటే 7 అడిగినా ఒప్పుకోవచ్చు.

లెక్క ఇవ్వనని మేస్త్రీ మొండికేస్తే?

కొంతమంది ఇవ్వరు, ఇవ్వలేరు కూడా. పని బాగా చేస్తారు గానీ కాగితం రాయలేరు. అలాంటప్పుడు మీ ఇంజనీరు చేతనే లెక్క తీయించి, దాన్ని మేస్త్రీకి చూపించి "ఇది సరిపోతుందా, ఎక్కడ తక్కువ అనిపిస్తోంది?" అని అడగండి. రాయడం కంటే రాసినదానిలో తప్పు పట్టడం వాళ్లకు తేలిక. ఆయన ఒప్పుకున్న కాగితం మీద సంతకం పెట్టించుకోండి. డబ్బు పెట్టే ఇంటివాళ్లకు కూడా లెక్క చూపించనని, మొత్తం ఒకే అంకె మీద పట్టు పట్టే కాంట్రాక్టరైతే ఇంకొకరిని చూసుకోవడమే మేలని నా అభిప్రాయం.

ఉత్తరం తెలుగులోనే రాయాలా?

మీ మేస్త్రీ ఏ భాష చదువుతాడో అందులో రాయండి. మాకు తెలుగు సరిపోయింది. అంకెలు, కొలతలు, ఎమ్‌ఎమ్‌లు ఉంటాయి కాబట్టి కన్నడ మేస్త్రీ అయినా పట్టిక మాత్రం అర్థమవుతుంది. వాట్సాప్‌లో ఫోటో పంపి, ఒక ప్రింటు కాపీ చేతికిచ్చి, దాని మీద తేదీ, సంతకం తీసుకోండి. ఫోన్ పోయినా కాగితం ఉంటుంది.

లెక్క సరిగ్గా ఉంటే పని కూడా బాగున్నట్టేనా?

కాదు. 38 బస్తాలు వాడినా, నీళ్లు ఎక్కువ పోసి కాంక్రీటు జారుగా కలిపితే బలం తగ్గుతుంది. ఆ జారుడు ఏ లెక్కలోనూ కనిపించదు. రాడ్లు సరిపడా వచ్చినా, స్లాబులో పై రాడ్లను కూలీలు తొక్కి కిందికి దించేస్తే బీముల దగ్గర స్లాబు పై ముఖంలో పగుళ్లు వస్తాయి. స్లాబు మీద నీళ్లు ఎన్ని రోజులు నిలిపారన్నది కూడా కాగితంలో ఉండదు. వీటికి స్లాబు రోజు ఇంజనీరును పిలిపించడం, ఆ తర్వాత రోజూ పొద్దున, సాయంత్రం మీరు మేడ ఎక్కడం తప్ప దారి లేదు.

చివరికి ఎంత మిగిలింది?

6 అంగుళాల బ్లాకులు 500 తెప్పించాం, 14 మిగిలాయి. అవి నీళ్ల ట్యాంకు దగ్గర మెట్టుకు వాడేశాం. పిట్టగోడ బ్లాకులు మాత్రం 20 తక్కువ పడ్డాయి. ఆ రోజు వాన పడి, మేస్త్రీ కూలీలు జారి కొన్ని కింద పడేశారు. వాట్సాప్‌లో "వాన, 20 బ్లాకులు" అని ఫోటోతో సహా పంపాడు. ఉత్తరంలో రాసిన మాట ప్రకారమే, అడగకుండానే.